ఓటీపీ ఇచ్చింది 49 రూపాయలకు, కట్ అవుతున్నది 1,999

ప్రశ్న: రెజ్యూమె తయారుచేసే సైట్‌లో 49 రూపాయలకు డెబిట్ కార్డు వాడి ఓటీపీ ఇచ్చాను. అప్పటి నుంచి నెలనెలా 1,999 కట్ అవుతోంది. మొన్న సోమవారం మూడోసారి పోయింది. మంగళవారం బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘ఓటీపీ మీరే ఇచ్చారుగా’ అన్నారు. కార్డు బ్లాక్ చేయించాను. నా డబ్బు వస్తుందా?

జవాబు: మంగళవారమే ఫోన్ చేయడం మీకు చాలా మేలు చేసింది. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, మెసేజ్ వచ్చిన రోజును వదిలేసి 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మీపై పడదు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే సేవింగ్స్ ఖాతాదారు 10,000 లేదా పోయిన మొత్తం, ఏది తక్కువైతే అది భరించాలి. అంటే 1,999 లాంటి చిన్న మొత్తం పూర్తిగా మీదే అవుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఆ మూడు రోజులే కీలకం. మొదటి రెండు డెబిట్లకు 7 పనిదినాలు దాటాయి కాబట్టి అవి బ్యాంకు సొంత పాలసీని బట్టి తేలతాయి. అయినా మూడింటినీ తేదీలతో విడివిడిగా రాసి ఫిర్యాదు చేయండి.

ఫిర్యాదులో ‘ఓటీపీ ఇవ్వలేదు’ అని మాత్రం రాయకండి, కేసు అక్కడే బలహీనపడుతుంది. ‘49 రూపాయలకే అనుమతి ఇచ్చాను, నెలనెలా 1,999కి ఇవ్వలేదు’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆటో డెబిట్‌కు మాండేట్, అంటే మీ ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ చేసుకునే అనుమతి, ఎప్పుడు, ఎంత మొత్తానికి నమోదైందో, ప్రతి డెబిట్‌కు 24 గంటల ముందు పంపాల్సిన మెసేజ్ పంపారో లేదో చూపమని అడగండి. బాధ్యత మీదేనని నిరూపించాల్సింది బ్యాంకే. మాండేట్‌లో 1,999 అని స్పష్టంగా ఉంటే మాత్రం మీ వాదన కష్టమవుతుంది. అప్పుడు డిస్ప్యూట్ ఫారం నింపి చార్జ్‌బ్యాక్, అంటే సైటు నుంచి డబ్బు వెనక్కి రప్పించమని బ్యాంకును అడగడమే దారి.

కార్డు బ్లాక్ చేశాక ఆగిపోకండి. బ్యాంకు యాప్‌లో మాండేట్‌ను కూడా రద్దు చేయండి, లేదంటే కొత్త కార్డు మీదా అది కొనసాగే ప్రమాదం ఉంది. సబ్‌స్క్రిప్షన్ రద్దు కోసం గూగుల్‌లో దొరికిన నంబర్లకు ఫోన్ చేయకండి, అక్కడ ఇంకో మోసగాడు ఉండొచ్చు. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి గానీ, cybercrime.gov.in లో గానీ ఫిర్యాదు పెట్టి ఆ ఫిర్యాదు నంబరు బ్యాంకుకు ఇవ్వండి.

అనధికార లావాదేవీగా నమోదైతే, మీరు చెప్పిన రోజు నుంచి 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. టెన్షన్ తీరిందని ఆ డబ్బు ఖర్చు పెట్టేయకండి, విచారణలో మీకు అనుకూలంగా తేలకపోతే వెనక్కి తీసుకుంటారు. ఫిర్యాదును బ్యాంకు 90 రోజుల్లోపు తేల్చాలి. మీరు చెప్పాక కూడా నాలుగోసారి కట్ అయితే, ఆ నష్టం బ్యాంకుదే.

కస్టమర్ కేర్ ఫిర్యాదు నంబరు ఇవ్వకపోతే, మంగళవారం కాల్ స్క్రీన్‌షాట్ జతచేసి ఈరోజే బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టేటప్పుడు ఆ కాపీ జతచేయాలి.