వీణ లైవ్ పాఠాల కోసం బంగారం తాకట్టు పెట్టనా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రాజమండ్రిలో ఇంటి దగ్గరే వీణ నేర్పుతాను. 18 మంది పిల్లలు, నెలకు 18 వేలు వస్తాయి. యూట్యూబ్‌లో రోజూ సాయంత్రం లైవ్ పాఠాలు చెబితే, చూసేవాళ్లు డబ్బు కట్టి పంపే సూపర్ చాట్‌లు, నెలనెలా కట్టే మెంబర్‌షిప్‌ల మీద 30 వేలు వస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. కెమెరా, లైట్లు, మైకు అన్నీ కలిపి లక్షన్నర అవుతుందట. బంగారం తాకట్టు పెట్టి, సాయంత్రం క్లాసులు ఆపేసి మొదలుపెట్టనా? డాలస్‌లో ఉన్న మా చుట్టాలమ్మాయి, అక్కడ నేర్చుకోవాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారంటోంది.

జవాబు: బంగారం ఇంట్లోనే ఉంచండి, క్లాసులు ఆపకండి. లైవ్ మాత్రం మొదలుపెట్టండి, కానీ వేరే పద్ధతిలో.

ముందు ఆ 30 వేల లెక్క చూద్దాం. నెలకు 159 రూపాయల మెంబర్‌షిప్ పెట్టారనుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ పోతే దాదాపు 135 మిగులుతుంది, దాంట్లో 30 శాతం యూట్యూబ్ తీసుకుంటుంది, మీ చేతికి వచ్చేది 94 రూపాయలు. అంటే 30 వేలు రావాలంటే ప్రతి నెలా డబ్బు కట్టేవాళ్లు 320 మంది దాకా ఉండాలి. క్రమం తప్పకుండా చూసే వందమందిలో ముగ్గురు కడితే మంచిదే అని నేను లెక్క వేసుకుంటాను, ఆ లెక్కన పదివేలమందికి పైగా మిమ్మల్ని అలవాటుగా చూడాలి. సూపర్ చాట్ ఇంకా నిలకడ లేనిది, దసరా రోజుల్లో నాలుగు రాళ్లు రావచ్చు, మరుసటి నెల ఒక్క రూపాయి కూడా రాకపోవచ్చు. లక్షన్నర అప్పుకి ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 1,250 రూపాయలు మాత్రం తప్పకుండా కట్టాలి.

పైగా ఈ సూపర్ చాట్, మెంబర్‌షిప్ బటన్లు మొదటి రోజే రావు. 500 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు పబ్లిక్ వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్ దారి వేరే ఉంది, 90 రోజుల్లో 30 లక్షల వ్యూస్, దాని మీద ఆశ పెట్టుకోకండి). యాడ్స్ డబ్బుకైతే 1,000 మంది, 4,000 గంటలు. ఈ గంటల దగ్గరే చాలామంది ఆగిపోతారు. లైవ్‌కి సగటున 15 మంది వచ్చి ముప్పావు గంట కూర్చున్నారంటే అది 11 గంటలు. వారానికి రెండు లైవ్‌లైతే ఏడాది మొత్తానికి 1,170 గంటలే. మిగతా 1,800 గంటల పైచిలుకు లైవ్ అయిపోయాక ఛానెల్‌లో ఉండిపోయే రికార్డింగ్ నుంచి రావాలి. అందుకని ప్రతి లైవ్‌నూ ఒక పాఠంగా కట్టండి. ‘ఈరోజు లైవ్’ అని పేరు పెడితే రేపు ఎవరూ వెతకరు. ‘వీణ మీద సరళీ స్వరాలు, కుడి చెయ్యి మీటు ఎలా’ అని పెడితే రెండేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు వెతుక్కుని వస్తారు. రికార్డింగ్‌ను ప్రైవేట్‌లో పెడితే ఆ గంటలు లెక్కలోకి రావు, పబ్లిక్‌గానే ఉంచండి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అని మన పద్ధతికి ఎలాగూ వరుస ఉంది కాబట్టి అదే వరుసలో ప్లేలిస్ట్ చేయండి, ఒకటి చూసినవాళ్లు రెండోది చూస్తారు.

రోజూ లైవ్ వద్దు. రెండు రోజులు చాలు, సాయంత్రాలు మీ పిల్లలవే. డాలస్ వాళ్ల కోసం ఆదివారం ఉదయం 7 గంటలు పెట్టుకోండి, అక్కడ చలికాలంలో శనివారం రాత్రి ఏడున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అప్పటినుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఎనిమిదిన్నర. న్యూజెర్సీలో అయితే తొమ్మిదిన్నర, అందుకని ఆ నెలల్లో మీరు 6 గంటలకే కూర్చుంటే మంచిది. రెండోది మనవాళ్ల కోసం, బుధవారం మధ్యాహ్నం 2 అనుకోండి. ఏది పెట్టినా మూడు నెలలు మార్చకండి.

పరికరాలకు సుమారు 9 వేలు చాలు. మీ అబ్బాయి ఫోనే కెమెరా, ల్యాప్‌టాప్‌లో లైవ్ నడిపే సాఫ్ట్‌వేర్ OBS Studio ఉచితంగా దొరుకుతుంది. యూఎస్‌బీ మైకు 4 వేలు, లైటు 2 వేలు, స్టాండు పదిహేను వందలు, కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ పదిహేను వందలు. ఈ చివరిది ఎవరూ కొనరు, కానీ లైవ్ మధ్యలో నెట్ పోతే వెళ్లిపోయినవాళ్లు తిరిగి రారు. స్టాండు కొంచెం పైనుంచి, ఎడమచెయ్యి మెట్ల మీద ఎక్కడ పడుతోందో కనిపించేలా పెట్టండి. మీ ముఖం చిన్నగా కనిపించినా ఫరవాలేదు, నేర్చుకునేవాళ్లు చూసేది వేళ్లనే.

మైకు విషయంలో ఒక ముఖ్యమైన మాట. మాటల కోసం తయారైన నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపకుండా మోగే శ్రుతిని ఫ్యాన్ చప్పుడు అనుకుని తీసేస్తుంది, తంత్రి మీటాక సాగే నాదాన్నీ మధ్యలో కోసేస్తుంది. వింటే వీణ కాదు, టక్‌టక్ మని కొట్టినట్టు ఉంటుంది. దాన్ని ఆపేసి, ఫ్యాన్ కూడా ఆపి, ముందు పది నిమిషాలు రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో వినండి. నెట్ అప్‌లోడ్ వేగం 8 ఎంబీపీఎస్ ఉంటే 720p కి హాయిగా సరిపోతుంది. సెల్ డేటాతో ప్రయత్నించకండి, ఆ క్వాలిటీలో గంటకు 1.8 జీబీ పోతుంది. ఇంకొకటి, మీరు వాయించింది వాళ్లకు కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కలిసి వాయించడం కుదరదు. మీరు ఒక వరుస వాయించి, వాళ్లు వాయించుకునేంత సమయం ఆగి, తర్వాత చాట్ చదవండి.

ఇది తప్పకుండా గుర్తుంచుకోండి: వీడియో పిల్లల కోసం చేసినది అని గుర్తు పెట్టాల్సి వస్తే లైవ్ చాట్, సూపర్ చాట్, మెంబర్‌షిప్ అన్నీ పోతాయి. అబద్ధం చెప్పి తప్పించుకోవడం కాదు, పాఠమే పెద్దవాళ్ల కోసం తయారు చేయండి. పిల్లలు బడికెళ్లాక వీణ ముట్టుకోవాలనుకునే ఆడవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎంతమంది లేరు!

వచ్చిన డబ్బు 100 డాలర్లు దాటితేనే బ్యాంకుకి వస్తుంది, లేదంటే పోగవుతూ ఉంటుంది. యూట్యూబ్ డబ్బు వచ్చే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో అమెరికా ట్యాక్స్ ఫారం W-8BEN మొదటే నింపండి, నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోసేయవచ్చు. అభిమానంతో ఇచ్చినా సూపర్ చాట్ బహుమతి కాదు, మీ సంపాదనే, రిటర్నులో చూపించండి.

అసలు డబ్బు మాత్రం నాకు వేరేచోట కనిపిస్తోంది. లైవ్ చూసినవాళ్లలో ముగ్గురు మీ దగ్గర విడిగా వీడియో కాల్‌లో నేర్చుకుని నెలకు 4 వేలు ఇచ్చారనుకోండి, 12 వేలు. అంత రావాలంటే మెంబర్లు 128 మంది కావాలి. డాలస్‌లో ఉన్న మీ చుట్టాలమ్మాయిని అడిగి అక్కడ క్లాసుకి ఎంత తీసుకుంటున్నారో కనుక్కోండి, ప్రతి లైవ్ చివర ఒక్క నిమిషం విడి క్లాసుల గురించి చెప్పండి. ఆరు నెలలు చూడండి. విడి క్లాసులు, యూట్యూబ్ కలిపి వరుసగా మూడు నెలలు 9 వేలకు తగ్గకుండా వస్తే, అప్పుడు ఆ డబ్బుతోనే రెండో కెమెరా కొనండి, సాయంత్రం బ్యాచ్‌ల్లో ఒకటి తగ్గించుకోవాలా అనేది కూడా అప్పుడే ఆలోచించండి.