ఎగ్జిబిషన్ స్టాల్‌లో నిజంగా కొనేవాళ్లను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: మాది ఎయిర్ కంప్రెసర్లు తయారుచేసే కంపెనీ. పోయినసారి ఎగ్జిబిషన్‌లో సంచి నిండా విజిటింగ్ కార్డులు వచ్చాయి గానీ ఆర్డర్ ఒక్కటీ రాలేదు. ఈసారి 3×3 మీటర్ల స్టాల్ తీసుకున్నాం. అసలు కొనేవాళ్లెవరో అక్కడికక్కడే తేలేలా ఎలా ప్లాన్ చేయాలి?

జవాబు: నేనూ కంప్రెసర్ల సేల్స్‌లోనే ఉన్నాను. స్టాల్‌లో నిలబడేదీ, ఆ తర్వాత ఫోన్లు చేసేదీ నేనే. డిజైనర్‌ని పిలవకముందే, వచ్చినవాళ్లను ఏం అడగాలి, చెప్పింది ఎక్కడ రాసుకోవాలి అన్నది తేల్చుకోండి.

విజిటింగ్ కార్డులో పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి గానీ అవసరమేంటో ఉండదు. బ్యాడ్జ్ స్కాన్ చేసినా అంతే. మేం పోస్టుకార్డు సైజులో మందపాటి కాగితం మీద ఎంక్వైరీ కార్డు అచ్చు వేయించుకుంటాం. అందులో ఉండేవి ఇవే: గాలి దేనికి వాడుతున్నారు, ఇప్పుడున్న మెషీన్ ఏది, ఎన్నేళ్లది, ఎన్ని సీఎఫ్ఎం, ఎన్ని బార్, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది, ఎప్పటికి కావాలి, ఆర్డర్ మీద సంతకం ఎవరిది. చివరి గడి 'మనం ఏం చేస్తామన్నాం'. విజిటింగ్ కార్డును దీనికే స్టేపుల్ చేస్తాం.

ఈ ప్రశ్నలు వరసగా చదివితే మనిషి పారిపోతాడు, అది పోలీస్ విచారణలా ఉంటుంది. మాటల్లో రాబట్టాలి. నేను ముందుగా అడిగేది ఒకటే: "లంచ్ టైమ్‌లో మెషీన్లన్నీ ఆపేసినప్పుడు కూడా మీ కంప్రెసర్ లోడ్ తీసుకుంటుందా?" ప్లాంట్‌లో రోజూ తిరిగేవాడికే దీనికి జవాబు తెలుస్తుంది.

ఒకసారి ఒక మెయింటెనెన్స్ ఇంజనీర్ వచ్చి "100 సీఎఫ్ఎం మెషీన్‌కి కొటేషన్ ఇవ్వండి" అన్నారు. లంచ్ సంగతి అడిగితే కాస్త ఆలోచించి, "ఒక నిమిషం లోడ్, నాలుగు నిమిషాలు అన్‌లోడ్" అన్నారు. గాలి ఎవరూ వాడని సమయంలో అయిదు నిమిషాలకు ఒక నిమిషం లోడ్ అంటే, మెషీన్ ఇచ్చే గాలిలో అయిదో వంతు, 20 శాతం, లీకేజీకే పోతోంది. ప్రెషర్ ఎంత పెట్టారని అడిగితే, చివర్లో ఉన్న పెయింటింగ్ బూత్‌కి అందడం లేదని 8 బార్‌కి పెంచారట. ఒక్కో బార్ పెంచినప్పుడల్లా కరెంటు దాదాపు 6-7 శాతం ఎక్కువ లాగుతుంది, లీకులు కూడా పెరుగుతాయి. ఆయనకు ముందు కావలసింది లైన్ ఆడిట్, మెషీన్ సైజు ఆ తర్వాతే. కొటేషన్ ఇస్తానని చెప్పకుండా సైట్ విజిట్‌కి తేదీ అడిగాను. "మా ప్లాంట్ హెడ్‌ని కూడా కూర్చోబెడతాను" అన్నారు. సంతకం ఎవరిదో నేను అడగకుండానే తెలిసిపోయింది.

అవసరం, సమయం, తేదీతో సహా ఒప్పుకున్న తర్వాతి పని, ఈ మూడూ ఉంటే ఆ కార్డు మీద 'ఏ' వేస్తాం. అవసరం ఉండి తేదీ లేకపోతే 'బి'. మిగతావన్నీ 'సి'. గాలి దేనికి వాడతారో చెప్పకుండా డీలర్ మార్జిన్ ఎంత, స్క్రూ ఎలిమెంట్ ఎక్కడిది అని ఆరా తీసే పెద్దమనిషి మీ పోటీదారు అయ్యుండొచ్చు. నవ్వుతూ బ్రోచర్ ఇచ్చి పంపండి.

ఎంతమంది నిలబడాలన్నది కూడా ఈ కార్డును బట్టే లెక్క వేయాలి. ఇలాంటి మాటకు 10 నిమిషాలు, రాసుకోవడానికి 2 నిమిషాలు పడుతుంది, అంటే గంటకు మనిషికి అయిదుగురు. రద్దీ నాలుగు గంటలుంటే ఇద్దరు మాట్లాడగలిగేది 40 మందితోనే. మీ స్టాల్‌లో మెషీన్ పెట్టాక ముగ్గురికి మించి నిలబడే చోటుండదు. ఇద్దరు కంప్రెసర్ తెలిసినవాళ్లు, ఒకరు ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లకు బ్రోచర్లిచ్చి పంపేవాళ్లు చాలు. ఆ తెలిసిన ఇద్దరిలో ఒకరు తప్పకుండా సర్వీస్ ఇంజనీర్ అయ్యుండాలి, సైట్ మనుషులు సేల్స్ వాళ్లకంటే అతనితోనే తొందరగా కలుస్తారు.

టేబుల్ ముందు అడ్డంగా వేయకండి, పక్క గోడకు జరపండి. మెషీన్‌ని ఆన్ చేసి పెట్టాలనుకోవద్దు, ఆ చప్పుడులో లంచ్ ప్రశ్న వినపడదు. చేత్తో తిప్పితే రెండు స్క్రూలూ తిరిగేలా కోసిన ఎయిర్‌ఎండ్ పెడితే చాలు, ఇంజనీర్లు వాళ్లంతట వాళ్లే వచ్చి తిప్పుతారు. బరువైన మెషీనే పెట్టాలంటే ఫ్లోర్ ఎంత మోస్తుందో, ఫోర్క్‌లిఫ్ట్ ఏ రోజు దొరుకుతుందో ముందే నిర్వాహకుల్ని అడగండి.

హాలు మూశాక, ఇళ్లకు వెళ్లకముందే, కార్డులన్నీ పైకి చదివి ఎక్సెల్‌లో ఎక్కించండి. మర్నాటికి ఎవరి చేతిరాత ఎవరికీ అర్థం కాదు. 'ఏ' కార్డులకు ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఆగకుండా, ఒప్పుకున్న తేదీని ఆ రాత్రే మెసేజ్‌లో పంపేయండి. ఆ తేదీకి వెళ్లాల్సిన ఇంజనీర్ పేరు కూడా అందులోనే ఉండాలి.