మావయ్య ఇచ్చిన నంబరు అని ఎందుకు రాయలేదు?

అమ్మలూ,

మొన్న మంగళవారం భోంచేసి నడుం వాల్చానో లేదో ఫోన్ మోగింది. ఉద్యోగం కోసం అడగమని నీకు నంబరిచ్చానే, ఆ అబ్బాయి. అబ్బాయంటున్నాను గానీ నలభై దాటాడు, హైదరాబాద్ దగ్గర మాత్రలు తయారుచేసే ఒక ఫార్ములేషన్ ప్లాంటులో నాణ్యత పరీక్షలు, అదే మన క్యూసీ, చూస్తున్నాడిప్పుడు. "సార్, విజయనగరం వైపు నుంచి ఎవరో అమ్మాయి పేద్ద మెసేజ్ పెట్టింది. కింద ఎక్కడో మీ ఊరి పేరు కనబడింది. మీకేమైనా తెలుసా? నాకైతే తనకేం కావాలో అర్థం కాలేదు" అన్నాడు. ఆ మెసేజ్ నాకు పంపించుకుని కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. నా పేరు అందులో ఎక్కడా లేదు.

కోపమేం లేదు. కొంచెం నవ్వొచ్చింది కూడా. ఆ ఊరి పేరు కంటబడకపోతే అతను నాకు ఫోన్ చేసేవాడూ కాదు, నీకు జవాబిచ్చేవాడూ కాదు. మూడు వారాలు చూసి "మావయ్య చెప్పిన మనిషి పట్టించుకోలేదు" అని మీ అమ్మతో అనేదానివి. ఇరవై ఆరేళ్లు క్యూసీలో గడిపాను, చివరి పదేళ్లూ మనుషుల్ని తీసుకునే పని కూడా నా మీదే ఉండేది. ఇలాంటి మెసేజ్‌లు వచ్చినప్పుడు నేనేం చేసేవాణ్నో నాకు గుర్తే. తెరిచి, సాయంత్రం చూద్దాంలే అనుకునేవాణ్ని. ఆ సాయంత్రం వచ్చేది కాదు.

నీ మెసేజ్ ఎలా మొదలైందో చూడు. రెస్పెక్టెడ్ సర్, గుడ్ మార్నింగ్, మీరు బాగున్నారని ఆశిస్తున్నాను. తర్వాత పేరు, ఊరు, నాన్నగారు చేసే పని, పదో తరగతి మార్కులు, ఇంటర్, బీఎస్సీ, ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ. ఆ తర్వాత కష్టపడే స్వభావం, త్వరగా నేర్చుకునే గుణం, టీమ్‌తో కలిసిపోవడం. ఇంతవరకూ వచ్చేసరికి వాట్సాప్ "రీడ్ మోర్" అని తెంచేసింది. పరవాడలో రెండేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ మీద పని చేస్తున్నావన్న సంగతి ఆ తెగిన చోటుకి కింద ఉంది. అతను చూడాల్సింది ఆ ఒక్కటే, అది తప్ప మిగతాదంతా కనబడింది.

ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే చెప్పడానికి కాలేజీలో బట్టీ పట్టించిన పాఠమే నువ్విక్కడ రాశావు. అక్కడ ఎదుటి మనిషి వినడానికే కూర్చుంటాడు. మెసేజ్ చదివేవాడు అలా కూర్చోడు. అతను పొద్దున్న మీటింగులో ఉంటాడు, లేదా ఫలితం హద్దు దాటి ఒక ఓఓఎస్ వచ్చి ఎనలిస్టుని పక్కన నిలబెట్టుకుని క్రొమటోగ్రామ్ చూస్తుంటాడు. ఫోన్ మోగితే స్క్రీన్ మీద వచ్చే ఒకటి రెండు లైన్లే చదువుతాడు. కొత్త నంబరు, రెస్పెక్టెడ్ సర్, ఐ హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్. ఏ ఇన్సూరెన్సు వాళ్లో అనుకుంటాడు, అంతే. ఆ మొదటి లైనులో "ఫలానా ఆయన మేనకోడల్ని, మీ నంబరు ఆయనే ఇచ్చారు" అని ఉంటే మీటింగు మధ్యలోనైనా తెరిచేవాడు. నన్ను గొప్ప చేసుకుని చెప్పడం లేదు. నీకూ అతనికీ మధ్య ఉన్న తాడు నేనొక్కణ్నే, ఆ తాడునే నువ్వు దాచేశావు. సిఫార్సులా ఉంటుందని మొహమాటపడ్డావని మీ అమ్మ చెప్పింది. నంబరు ఎలా దొరికిందో చెప్పడం సిఫార్సు కాదమ్మా. చెప్పకపోతేనే ఎదుటివాడికి అనుమానం.

ఇక చివరి వాక్యం. "నా క్వాలిఫికేషన్‌కి తగిన ఓపెనింగ్ ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు." ఈ "ఏదైనా" అన్న మాట వినయంగా కనిపిస్తుంది గానీ పనంతా అవతలివాడి నెత్తిన పెడుతుంది. నీ చదువుకి క్యూసీ ఉంది, క్యూఏ ఉంది, ఆర్ అండ్ డీలో ఎనలిటికల్ ఉంది, డాక్యుమెంటేషన్ ఉంది. ఇందులో నీకు ఏది కావాలో అతను ఊహించాలి. ఊహించి హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి "మనకేమైనా ఉన్నాయా" అంటే వాళ్లు "దేనికి సార్? ఎన్నేళ్ల అనుభవం? ఎప్పుడు చేరతారు?" అంటారు. అతని దగ్గర ఒక్కదానికీ జవాబుండదు. మళ్లీ నీకు మెసేజ్ పెట్టి అడగాలి. అంత ఓపిక సొంత తమ్ముడి విషయంలో ఉంటుందేమో గానీ ఊరూ పేరూ తెలియని వాళ్ల విషయంలో ఉండదు.

మన పనిలో ఒక క్యూసీ హెడ్డు మనసులో వేసుకునే లెక్క చెబుతాను, అప్పుడు ఏం రాయాలో నీకే తెలుస్తుంది. ఎంత అనుభవం ఉన్న మనిషి వచ్చినా కొత్త ల్యాబులో మొదటిరోజే శాంపిల్ చేతికివ్వరు. ఎస్‌ఓపీలు చదివించి, శిక్షణ ఇచ్చి, ముందే ఫలితం తెలిసిన శాంపిల్‌ని మళ్లీ చేయించి, రెండు ఫలితాలూ దగ్గరగా ఉన్నాయో లేదో పోల్చి ఎనలిస్ట్ క్వాలిఫికేషన్ పూర్తి చేస్తారు. ఆ తర్వాతే అసలు పని. కాబట్టి ఈ అమ్మాయి ఎప్పటికి బెంచి మీద నిలబడుతుందన్నదే అతని లెక్క. మందుకి మూలపదార్థం చేసే ఏపీఐ ప్లాంటు నుంచి వస్తోందా ఫార్ములేషన్ నుంచా, ఏ పరికరాల మీద చేయి తిరిగింది, ఎంపవర్ తెలుసా ఇంకో సాఫ్ట్‌వేరా, నోటీస్ పీరియడ్ ఎంత. ఈ నాలుగూ తెలిస్తే సగం మాట అయిపోయినట్టే. పదో తరగతి మార్కులు ఈ లెక్కలో ఎక్కడా లేవు, అవి రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి.

నిన్న రాత్రి కూర్చుని నీ తరఫున రాసి చూశాను. నువ్వు ఇంగ్లీషులోనే పంపు, విషయం మాత్రం ఇదీ:

"నమస్కారం సర్. నేను ఫలానా వారి మేనకోడల్ని, మీ నంబరు ఆయనే ఇచ్చారు. మీ కంపెనీ కెరీర్స్ పేజీలో స్టెబిలిటీ సెక్షన్‌కి క్యూసీ ఎనలిస్ట్ పోస్టు చూశాను, దాని నంబరు ఇది. ఇంకా అప్లై చేయలేదు. పరవాడలో ఏపీఐ ప్లాంటులో రెండేళ్ల నాలుగు నెలలుగా క్యూసీలో ఉన్నాను. హెచ్‌పీఎల్‌సీ ఎంపవర్ మీద, జీసీ, కేఎఫ్ రోజూ చేస్తాను. డిజల్యూషన్ చేయలేదు. నోటీస్ రెండు నెలలు. ఏపీఐ నుంచి వచ్చినవాళ్లని ఈ పోస్టుకి చూస్తారా సర్? రెజ్యూమె జతచేశాను."

డిజల్యూషన్ చేయలేదని ఎందుకు చెప్పాలి అంటావేమో. అది టాబ్లెట్లకీ క్యాప్సూల్స్‌కీ చేసే పరీక్ష, ఏపీఐలో ఉన్నదానివి చేసుండవని అతనికి ముందే తెలుసు. నువ్వే చెబితే మిగతా మూడూ నిజంగానే చేసుంటావని నమ్ముతాడు. ఆ మూడింటి పక్కన దీన్నీ ఇరికించి రాసేవాళ్లని చాలామందిని చూశాను. ఇంటర్వ్యూలో ప్యాడిల్ ఎన్ని ఆర్‌పీఎమ్‌లో పెట్టావమ్మా అని అడిగితే సీలింగు వైపు చూసేవాళ్లు.

రిఫర్ చేయమని ఇందులో అడగలేదు, గమనించావా? చూస్తారా చూడరా అన్న ఒక్క ప్రశ్నే ఉంది. దానికి అతను లిఫ్టు కోసం నిలబడి కూడా జవాబు పెట్టగలడు. చూస్తాం అంటే రిఫరల్ మాట అతనే ఎత్తుతాడు, ఎత్తకపోతే అప్పుడు అడుగు. చూడం అంటే ఒక్క పూటలో తేలిపోయింది, వేరే చోట వెతుక్కోవచ్చు. ఆ ప్లాంటులో ఖాళీ లేకపోతే నా పేరు రాసినా, ఎంత అందంగా రాసినా ఖాళీ పుట్టదు.

పోస్టు నంబరూ, "ఇంకా అప్లై చేయలేదు" అన్న ముక్కా మర్చిపోకు. చాలా కంపెనీల్లో రిఫర్ చేసేవాడు లోపలి పోర్టల్‌లో నీ పూర్తి పేరు, మెయిల్, ఫోన్, రెజ్యూమెతో పాటు ఆ నంబరు కూడా ఎక్కించాలి. నువ్వు అదే మెయిల్‌తో ముందే అప్లై చేసి ఉంటే కొన్నిచోట్ల అతని రిఫరల్ లెక్కలోకి రాదు. ఈ సంగతి తెలియక ముందు అప్లై చేసేసి తర్వాత రిఫర్ చేయమని అడిగే పిల్లలే ఎక్కువ.

మెసేజ్ పొడుగుకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశావు. నువ్వు పనిచేస్తున్న కొత్త ప్రోడక్టు పేరూ, అది ఏ కస్టమర్ కోసమో కూడా రాసేశావు. అనుభవం చూపించాలనుకున్నావు, నాకు అర్థమైంది. కానీ చదివేవాడు, ఈ రోజు నాకు అక్కడి గుట్టు చెప్పిన పిల్ల రేపు నా గుట్టు ఎవరికి చెబుతుందో అనుకుంటాడు. ఏ పరీక్షలు, ఏ పరికరాలు అన్నంతవరకే రాయి. మాలిక్యూల్ పేర్లు, బ్యాచ్ నంబర్లు, ల్యాబులో తీసిన ఫొటోలు వద్దు. ఆఫీసు మెయిల్ నుంచి రెజ్యూమె పంపడం కూడా వద్దు.

రెజ్యూమె అంటే గుర్తొచ్చింది. నీ ఫైలు పేరు `Resume_final_new2.pdf` అని ఉంది. అతను దాన్ని హెచ్‌ఆర్‌కి పంపితే వాళ్ల దగ్గర అలాంటివి ఇంకో ఇరవై ఉంటాయి. నీ పేరు, క్యూసీ, ఎన్నేళ్లు అన్నది ఫైలు పేరులోనే పెట్టు. డ్రైవ్ లింకు మాత్రం ఇవ్వకు, తెరవడానికి పర్మిషన్ అడిగిందంటే అక్కడితో ఆగిపోతుంది.

జవాబు రాకపోతే వారం ఆగు. తర్వాత "ఎనీ అప్‌డేట్ సర్" అని పెట్టకు, దేని అప్‌డేటో వెతుక్కోవడానికి అతను పైకి జరుపుకుంటూ పోవాలి. నీ పాత మెసేజ్‌కే రిప్లై కొట్టి, "స్టెబిలిటీ పోస్టు గురించి అడిగాను సర్, ఏపీఐ వాళ్లని చూడరంటే చెప్పండి చాలు" అని ఒక్క లైను రాయి. కాదనడం తేలిక చేస్తే జవాబు త్వరగా వస్తుంది, ఇది నా సొంత అనుభవం. దానికీ పలకకపోతే అతన్ని వదిలేయి, నేనూ ఫోన్ చేయను.

లింక్డిన్‌లో పరిచయం లేనివాళ్లకి రాసేటప్పుడు ఇంత కుదరదు, కనెక్ట్ రిక్వెస్టుతో రాసే ఆ పెట్టెలో రెండు వాక్యాలకంటే పట్టవు. మొదటి వాక్యంలో ఆయన్నే ఎందుకు అడుగుతున్నావో రాయి. ఆయన పెట్టిన పోస్టు చూశావనో, ఒకప్పుడు నీ ప్లాంటులోనే పనిచేశారనో ఏదో ఒకటి ఉండాలి. రెండో వాక్యం ప్రశ్న. అక్కడ హాయ్ సర్ అని ఒక్కటే పెట్టి ఎదురుచూడటం దండగ.

మొన్నటి మెసేజ్ సంగతి అతనికి నేనేం సర్దిచెప్పలేదు, మా మేనకోడలే, మళ్లీ రాస్తుంది అన్నానంతే. అతను సోమవారం వరకూ ఆడిట్ పనిలో ఉంటాడు, బుధవారం పంపు. పంపేముందు నాకు చూపించక్కర్లేదు. నోటీసు రెండు నెలలని మీ అమ్మ చెప్పిందనే రాశాను, అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నువ్వు ఒకసారి చూసుకో.

మావయ్య