నెల్లూరు హోటల్‌కి హీట్ రికవరీ చిల్లర్ సైజు ఎంత?

నెల్లూరులో 60 గదుల హోటల్, 80 టన్నుల ఏసీ. వేడినీళ్ల కోసం ఆ 80 టన్నులకీ, ఏసీ బయటికి వదిలే వేడితో నీళ్లు కాచే హీట్ రికవరీ చిల్లరే పెట్టాలా?

వద్దండి. సైజు తేల్చాల్సింది వేడినీళ్ల వాడకాన్ని బట్టి. గదులన్నీ నిండిన రోజు 6,000 లీటర్లు అనుకుందాం. 28 డిగ్రీల నీళ్లని 55కి తేవడానికి దాదాపు 190 యూనిట్ల వేడి కావాలి. పది గంటల్లో కాస్తే 19 కిలోవాట్లు. అంత వేడి ఇచ్చే మెషీన్ నుంచి వచ్చే చల్లదనం సుమారు 4 టన్నులే. కాబట్టి 5 టన్నులది చాలు, మిగతా లోడ్ మామూలు చిల్లర్లు చూసుకుంటాయి. దీన్ని చల్లనీళ్ల రిటర్న్ లైన్‌పై కలిపితే రాత్రిళ్లూ లోడ్ దొరుకుతుంది.

పెద్దది పెడితే ట్యాంకు త్వరగా వేడెక్కి, వేడి పోయే దారి లేక హై ప్రెషర్‌లో ట్రిప్ అవుతుంది. ట్యాంకు చల్లగా ఉండగానే ట్రిప్ అవుతోందా? నీళ్లు బాగానే పారుతుంటే, ముందు అనుమానించాల్సింది హీట్ ఎక్స్చేంజర్‌లో బోరు నీళ్ల గార. గార పట్టకుండా చూసే సాఫ్ట్‌నర్ మాత్రం మానొద్దు.