సగం అమ్మి, మిగతా సగానికి స్టాప్ జరపడం

"500కి కొన్న 100 షేర్లు ఇవాళ 560 దగ్గర ముగిశాయి. అమ్మితే ఇంకా పెరుగుతుందేమో, ఉంచితే లాభం పోతుందేమో. ఏం చేయాలండీ?"

రేపు 50 అమ్మేయండి. ధర ఇక్కడే ఉంటే సుమారు 3000 లాభం చేతికొస్తుంది. మిగతా 50కి స్టాప్‌ను, అంటే ధర అక్కడికి పడితే అమ్మేసే ఆర్డర్‌ను, మీరు కొన్నాక ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక ముగింపు ధర నుంచి ఏటీఆర్‌కి, అంటే షేరు రోజువారీ సగటు ఊగిసలాటకి, మూడు రెట్లు కింద పెట్టండి. 14 రోజుల ఏటీఆర్ 12 అనుకుంటే 36 కింద, అంటే 524. ముగింపు 600కి చేరితే స్టాప్ 564కి జరపాలి. ధర తగ్గితే మాత్రం దించకూడదు. 550 దగ్గరే పెడితే ఒక్కరోజు మామూలు ఊగిసలాటకే బయటపడతారు. నేను అలాగే మంచి ట్రెండ్లు వదులుకున్నాను. సగం అమ్మాక పాత స్టాప్ ఆర్డర్‌లో 100ని 50గా మార్చడం మరవకండి. పొద్దున గ్యాప్‌డౌన్‌తో, అంటే నిన్నటి ముగింపు కన్నా బాగా కింద మొదలైతే మాత్రం 524 కన్నా తక్కువకే అమ్ముడుపోవచ్చు.