టీచర్ పోస్టుకు మెయిల్: రిజల్ట్స్ ఎలా రాయాలి?

"దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూల్‌కి మ్యాథ్స్ టీచర్‌గా అప్లై చేస్తున్నాను. మెయిల్‌లో ఏం రాయాలి, సర్టిఫికెట్లు ఎలా పెట్టాలి?"

సబ్జెక్ట్ లైన్‌లోనే పోస్టు, తరగతులు చెప్పేయండి: `Maths Teacher, Classes 8-10, B.Ed, TET`. మొదటి వాక్యంలో ఏ బోర్డు, ఏ మీడియం, ఎన్నేళ్లు చెప్పారో రాయండి. స్టేట్ సిలబస్ చెప్పినవారు సీబీఎస్ఈ స్కూల్‌కి రాస్తుంటే ఆ మాట దాచొద్దు, డెమో క్లాసులో ఎలాగూ తెలిసిపోతుంది.

అసలు బరువంతా రిజల్ట్స్ దగ్గరే. మా స్కూల్‌లో అప్లికేషన్లు చూసేటప్పుడు "నూటికి నూరు శాతం ఫలితాలు" అన్న ముక్క నాకు ఏమీ చెప్పదు. ఎంతమందిలో? మొదట్లో ఎలా ఉన్నారు? ఇలా రాస్తే నమ్ముతాను: "పదో తరగతిలో 38 మంది. ఎఫ్ఏ-1లో 11 మంది ఫెయిల్. వాళ్లకు రోజూ 30 నిమిషాలు బీజగణితం విడిగా చెప్పాను. పబ్లిక్ పరీక్షలో 36 మంది పాస్." తప్పిన ఇద్దరినీ దాచకపోవడమే నమ్మకం కలిగిస్తుంది. పిల్లల పేర్లు మాత్రం వద్దు.

డిగ్రీ, బీఈడీ, టెట్, అనుభవ పత్రం అన్నీ ఈ వరుసలో ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి. ఫోన్‌లో తీసిన పది ఫొటోలు విడివిడిగా వస్తే ఏదో ఒకటి తెరవకుండానే ఉండిపోతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటే ఒక్క వాక్యంలో చెప్పండి.