కిటికీ అద్దం పగలగొట్టిన మనవడికి

చిన్నా,

కాలువలకి నీళ్లు ఆపేశాక ఎండిన కాలువలో క్రికెట్ ఆడుతుంటే బంతి గట్టు దాటి మాస్టారి కిటికీకి తగిలిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందరూ పారిపోయారట. నువ్వు బౌలింగే వేశావు కాబట్టి నీకు సంబంధం లేదంటున్నావట. ఆ లెక్క నాకు కొత్తేం కాదులే.

నీ వయసులో మేం ఆరుగురం కొబ్బరిమట్ట బ్యాటుతో, ఎవరో పట్నం నుంచి తెచ్చిన కార్కు బంతితో ఆడేవాళ్లం. ఓ మధ్యాహ్నం ఆ బంతి పక్కింటి మామ్మగారి వంటింట్లోకి దూసుకుపోయింది. కొట్టినవాడు బౌలర్‌దే తప్పన్నాడు. బౌలరేమో బంతి ఆపలేదని నన్ను తిట్టాడు. మర్నాడు భయం భయంగా వెళ్లి, సిగ్గులేకుండా ముందు బంతి అడిగాం. ఆవిడ కేకలేయలేదు. "గాజు పెంకులు పడ్డాయని నిన్న పప్పంతా పారబోశాను. మజ్జిగన్నం తిని పడుకున్నాను" అని తలుపేసుకుంది.

అందుకే బంతి మాట అసలు ఎత్తకు. ఈరోజే వెళ్లండి, ఆడినవాళ్లంతా. కాళ్లకు చెప్పులుండాలి. ఫ్రేములో మిగిలిన ముక్కలు పెద్దవాళ్లెవరినైనా తీయమను. పైనుంచి మొదలెట్టాలి. కింది ముక్క ముందు తీస్తే పైది చేతిమీద పడుతుంది. నేల ఊడ్చాక తడిగుడ్డతో ఒత్తండి, కంటికి కనపడని నలుసులు దానికే అంటుకుంటాయి. పెంకులు చెత్తకుప్పలో పోయకుండా పాత డబ్బాలో వేసి మూతపెట్టండి. అక్కడ గేదెలు తిరుగుతాయి.

తర్వాత అద్దం సంగతి. మేం పదిరోజులు ఈనెలు చీల్చి చీపుళ్లు అమ్మి డబ్బు కూడబెట్టాం. కనిపించే సందు మాత్రమే కొలిచి, పన్నెండు అంగుళాలు, పద్దెనిమిది అంగుళాలని కాగితం మీద రాసుకుని అమలాపురం వెళ్లాం. తెచ్చిన అద్దం పెట్టబోతే సందులోంచి అవతలికి జారిపోయింది! అద్దం కూర్చునే గాడి చుట్టూ పావు అంగుళం లోపలికి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. మళ్లీ చీపుళ్లే.

నువ్వు ముందు అద్దాన్ని పట్టి ఉంచే కర్ర బీడింగు ఊడదీయించి, పాత లప్పం గీకించి, గాడి అంచు నుంచి అంచుకి కొలువు. పాత కిటికీ మూలలు సరిగ్గా ఉండవు. వెడల్పు మూడుచోట్ల, ఎత్తు మూడుచోట్ల కొలిచి అన్నిట్లో తక్కువది తీసుకో. అందులోంచి మూడు మిల్లీమీటర్లు తగ్గించి కోయించు. మన వానలకి కర్ర ఉబ్బుతుంది, బిగుతుగా పెడితే శ్రావణంలోనే చిట్లుతుంది. నాలుగు మిల్లీమీటర్ల మందం చాలు. బిగించే పని మాత్రం వడ్రంగికే వదిలెయ్, మేకు కొట్టేటప్పుడు సుత్తి జారితే మొదటికొస్తుంది.

కొలతలు నాకు ఫోన్‌లో చెప్పాకే కొట్టుకి వెళ్లు. టేపు నా అటక మీది రేకుపెట్టెలో ఉంది.

తాతయ్య